తెలుగు పేజీ ముందు, ఇంగ్లీషు పేజీ తర్వాత: ద్విభాషా పాఠ్యపుస్తకంలో అక్షరం, ఎడం, పేరా

ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి, తెలంగాణలో 2022–23 నుంచి సర్కారు బడుల పిల్లల చేతికి ద్విభాషా పాఠ్యపుస్తకాలు వస్తున్నాయి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. మిర్రర్ ఇమేజ్ పుస్తకాలని వీటికి పేరు. పిల్లవాడు ఇంగ్లీషు పేరాలో ఒక మాట దగ్గర ఆగిపోతే, చూపు పక్కకు తిప్పి అదే ఎత్తులో ఉన్న తెలుగు పేరాలో అర్థం వెతుక్కోవాలి. పుస్తకం అమరికంతా ఆ ఒక్క కదలిక కోసమే. తెలుగు పేరా రెండంగుళాలు కిందికి జారిపోయినా, ఒత్తులు కింది లైను గుడుల్లో ఇరుక్కుపోయినా ఆ కదలిక మధ్యలోనే తెగిపోతుంది.

డీటీపీ గదుల్లో మామూలుగా జరిగేది వేరు. ముందు ఇంగ్లీషు పుస్తకం నమూనా తయారవుతుంది. అక్షరం సైజు, లైన్ల మధ్య ఎడం, బొమ్మల చోటు అన్నీ ఇంగ్లీషుకే కుదురుతాయి. ఆ తర్వాత అనువాదం వస్తే అదే చట్రంలో తెలుగును పోస్తారు. తెలుగు పట్టదు. పట్టించడానికి సైజు తగ్గిస్తారు, లైన్లు దగ్గరికి లాగుతారు. చివరికి ఇంగ్లీషు పేజీ హాయిగా, తెలుగు పేజీ ఉక్కిరిబిక్కిరిగా కనిపిస్తుంది. దీన్ని తిరగేయాలి. పేజీ కొలతలన్నీ తెలుగును బట్టి తేల్చి, ఆ కొలతల్లో ఇంగ్లీషును కూర్చోబెట్టాలి. ఇంగ్లీషు కొంచెం వదులుగా ఉన్నా చదువుకోవచ్చు. తెలుగు బిగుతైతే మాత్రం చదవడానికి పనికిరాదు. ఏడో తరగతి సైన్స్‌లో కిరణజన్య సంయోగక్రియ పాఠాన్ని పట్టుకుని ఈ లెక్క ఎలా నడుస్తుందో చూద్దాం.

లైన్ల మధ్య ఎడం ఎక్కడ తేలుతుంది

ఇంగ్లీషు లైనుకు పైన h, d లాంటి అక్షరాల కాడలు, కింద g, p ల తోకలు మాత్రమే ఉంటాయి. తెలుగు లైనుకు మూడు అంతస్తులు. నడుమ అక్షరం ఒళ్లు, పైన తలకట్టు, గుడి, ఏత్వం, కింద ఒత్తులు. కొన్ని మాటల్లో కింది అంతస్తే రెండవుతుంది. ‘ఉత్ప్రేరకం’లో త కింద ప ఒత్తు, దానికి ర ఒత్తు, పైన ఏత్వం అన్నీ ఒకే అక్షరానికి తగులుకుని ఉంటాయి. ‘శాస్త్రీయ’లో స కింద రెండు ఒత్తులు, నెత్తిన గుడిదీర్ఘం. సైన్స్ పుస్తకంలో ఇవి ఎప్పుడో ఒకసారి వచ్చే మాటలు కావు, ప్రతి పేజీలోనూ తగులుతాయి.

అన్నిటికన్నా గట్టి పరీక్ష ఐత్వం. దాని ఒక ముక్క పైన ఉంటే, రెండో ముక్క అక్షరం కింద వేలాడుతుంది. ఒత్తు కూర్చునేదీ అక్కడే. అందుకే ‘హైడ్రాక్సైడ్’లోని ‘క్సై’, ‘గ్లైకోజెన్’లోని ‘గ్లై’, ‘త్రైమాసిక’లోని ‘త్రై’ దగ్గర చాలా ఫాంట్ల బండారం బయటపడుతుంది. కొన్నిటిలో ఒత్తూ ఐత్వం ముక్కా ఒకదాని మీద ఒకటి పడి నల్లటి మచ్చలా మిగులుతాయి. కొన్నిటిలో ఐత్వం ముక్క ఒత్తు కిందికి దిగి, తర్వాతి లైను మీదికి వెళ్తుంది. శ్రద్ధగా చేసిన ఫాంటులో రెండూ పక్కపక్కన సర్దుకుంటాయి.

కాబట్టి ఎడం తేల్చడానికి మామూలు వాక్యాలు కాదు, ఇలాంటి మాటలతో నిండిన పరీక్ష పేరా కావాలి. అనుకున్న ఫాంటులో, అనుకున్న సైజులో ఈ మూడు లైన్లు ఒకదాని కింద ఒకటి పెట్టండి:

```
ఉత్ప్రేరకం హైడ్రాక్సైడ్ రాష్ట్రం క్షేత్రం
శాస్త్రీయ గ్రీష్మం కీటకం థర్మామీటర్
గ్లైకోజెన్ కృత్రిమం స్త్రీలింగం దృష్టి
```

మొదటి లైనులో కిందికి దిగే మాటలు, రెండో లైనులో పైకి లేచే మాటలు ఉన్నాయి. మూడో లైనులో రెండూ కలిశాయి. సైజు 12 పాయింట్లు అనుకుంటే, ఎడాన్ని 15 నుంచి మొదలుపెట్టి ఒక్కో పాయింటు పెంచుతూ ప్రింటు తీయండి. రెండో లైనును కుడికీ ఎడమకీ జరిపి, ‘స్త్రీ’ నెత్తిన ఉన్న గుడిదీర్ఘం సరిగ్గా ‘త్ప్రే’ కింద పడేలా కూడా ఒకసారి చూడాలి. అసలు పుస్తకంలో ఏ అక్షరం కింద ఏది పడుతుందో మన చేతుల్లో ఉండదు. ఎంత చెడ్డ జత పడినా రెంటి మధ్య ఒక పాయింటు తెలుపు మిగిలే చోట ఆగాలి. చాలా ఫాంట్లకు అది అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్ల దగ్గర తేలుతుంది. అంటే 12 పాయింట్లకు 18. ఒత్తులు మరీ చిన్నవిగా, పైకి నొక్కి గీసిన ఫాంట్లకు 17 సరిపోవచ్చు. బారుగా దిగే వాటికి 19 కావాలి.

పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ InDesign తనంతట తానుగా ఇచ్చే Auto ఎడం సైజుకు 120 శాతం, అంటే 12 పాయింట్లకు 14.4. ఇంగ్లీషుకు అది చాలు. తెలుగుకు సరిపోక ఒత్తులు కింది లైనులో దిగబడతాయి. వర్డ్‌లో ఇబ్బంది మరోలా వస్తుంది. అది ఫాంటు లోపల రాసి ఉన్న ఎత్తులను బట్టి ఎడం ఇస్తుంది కనుక, ఇంగ్లీషు పేరా మధ్యలో ఒక్క తెలుగు మాట పడినా ఆ లైను ఒక్కటే దూరం జరుగుతుంది. Line spacing దగ్గర Exactly ఎంచుకుని 18 pt అని ఇస్తే అన్ని లైన్లూ సమానమవుతాయి. ఆ అంకె చాలకపోతే వర్డ్ తెర మీద ఒత్తుల కింది భాగాన్ని కోసేసి చూపిస్తుంది. అది కనబడగానే అంకె పెంచాలని అర్థం.

ఫాంటు ఎంపిక

పాఠం కోసం ఫాంటు వెతికేటప్పుడు మొదట చూడాల్సింది అందం కాదు, కుటుంబం. పాఠ్యపుస్తకంలో శీర్షికలు, పారిభాషిక పదాలు, బొమ్మల పేర్లు, అభ్యాసాలు ఉంటాయి. వీటికి కనీసం మామూలు, బొద్దు అనే రెండు మందాలు కావాలి. ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో Mandali, Gidugu, Suranna, NTR లాంటివి ఒకే మందంలో వస్తాయి. వాటిని ఎంచుకుని వర్డ్‌లో B నొక్కితే అది నిజమైన బొద్దు అక్షరం కాదు. ఉన్న గీతనే సాఫ్ట్‌వేర్ లావు చేస్తుంది. ఇంగ్లీషులో ఆ మోసం కొంత దాగుతుంది. తెలుగులో సున్నాలు, ఒత్తుల పొట్టలు పూడిపోతాయి. ఒక మందమే ఉన్న ఫాంట్లను పెద్ద శీర్షికలకు వాడుకోవచ్చు. పాఠానికి Noto Serif Telugu, Noto Sans Telugu, Anek Telugu, Hind Guntur లాంటి పలు మందాల కుటుంబాలు నయం. ఇవన్నీ SIL OFL అనే ఉచిత వాడుక లైసెన్సుతో దొరుకుతాయి కనుక అచ్చుకు, పీడీఎఫ్‌లో పొదగడానికి విడిగా అనుమతి అక్కర్లేదు.

రెండో పరీక్ష దగ్గరి పోలికల అక్షరాలు. ద, ధ, థ ల తేడా కింద ఒక చిన్న గీత, లోపల ఒక చుక్క. ప, ఫ ల మధ్యా అంతే, బ, భ ల మధ్యా అంతే. మ, వు ల మధ్య తేడా తోక ఎంత సాగిందన్నదే. ఆఫ్‌సెట్ అచ్చులో, అందులోనూ 70 జీఎస్ఎం మ్యాప్‌లితో లాంటి పూత లేని కాగితం మీద, సిరా కొంచెం పక్కలకు పాకుతుంది. తెర మీద చక్కగా కనిపించిన థ లోని చుక్క కాగితం మీద పూడిపోయి ధ అయిపోతుంది. పెద్దవాళ్లు సందర్భాన్ని బట్టి చదివేసుకుంటారు. ‘థైరాయిడ్’ అనే మాటను మొదటిసారి చూసే పిల్లకు ఆ ఆధారం ఉండదు. అందుకే ‘ద ధ థ, ప ఫ, బ భ, మ వు’ వరసను 10, 11, 12 పాయింట్లలో, మామూలు, బొద్దు మందాల్లో, అసలు వాడబోయే కాగితం మీదే అచ్చు తీసి చూడాలి. లేజర్ ప్రింటరులో తీసిన నకలు చూసి తేల్చేస్తే లాభం లేదు. అందులో సిరా పాకదు.

ఇటాలిక్ సంగతి త్వరగా తేలిపోతుంది. ఇంగ్లీషు పేజీలో మొక్కల శాస్త్రీయ నామాలకు ఇటాలిక్ తప్పనిసరి. తెలుగు లిపికి ఆ అలవాటు లేదు. సాఫ్ట్‌వేర్ పక్కకు వాల్చి చూపించేది గుండ్రటి అక్షరాలను వంకర చేయడమే. ఇంగ్లీషులో ఇటాలిక్ ఉన్న చోట తెలుగులో బొద్దు వాడాలి. అది పుస్తకమంతా ఒకే నియమంగా ఉండాలి.

రెండు లిపుల సైజు కలపడం

ఇక తెలుగు పక్కన నిలబడే ఇంగ్లీషు. రెండింటికీ 12 పాయింట్లు ఇస్తే సమానమైపోవు. పాయింటు సైజు అక్షరం కూర్చునే గడి కొలతే. అందులో అక్షరం ఎంత నిండుతుందన్నది ఫాంటును బట్టి ఉంటుంది. కంటికి తెలిసే సైజు ఇంగ్లీషులో x ఎత్తు, తెలుగులో తలకట్టు లేని అక్షరం ఒళ్లు. బ దీనికి మంచి కొలబద్ద.

రెండు ఫాంట్లలోనూ 200 పాయింట్ల సైజులో బ, x పక్కపక్కన ప్రింటు తీసి స్కేలుతో కొలవండి. మీరు ఎంచుకున్న తెలుగు ఫాంటులో బ ఎత్తు 36 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. ఇంగ్లీషు x అందులో 90 నుంచి 95 శాతం ఉండాలి, అంటే 33 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. పూర్తిగా సమానం చేస్తే, పెద్దక్షరాలూ కాడలూ కలిసి ఇంగ్లీషే పెద్దదిగా కనిపిస్తుంది. ఇప్పుడు తేడా చూడండి. Times New Roman x ఎత్తు 200 పాయింట్ల దగ్గర 31, 32 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. Noto Serif x ఎత్తు దాదాపు 38. అంటే 12 పాయింట్ల తెలుగు పక్కన మొదటిదాన్ని 12.5 దాకా పెంచాలి, రెండోదాన్ని 10.5కు దించాలి. అంకె ఒకటే కదా అని రెండూ 12లో పెడితే Noto Serif ఇంగ్లీషు తెలుగును మింగేస్తుంది. Times New Roman చిన్నబోతుంది.

మందం కూడా చూడాలి. రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి, కళ్లు సగం మూసి చూస్తే అక్షరాలు మాయమై బూడిదరంగు మాత్రమే మిగులుతుంది. ఒక పేజీ నల్లగా, ఒకటి పాలిపోయినట్టు ఉంటే మందం కుదరలేదని అర్థం. Anek Telugu, Anek Latin లాంటి జంటలు ఒకే చేతి కింద తయారైనవి కనుక ఈ పని చాలావరకు వాటిలో ముందే అయిపోయి ఉంటుంది.

పేరాలను ఎదురెదురుగా నిలపడం

ఇప్పుడు అసలు చిక్కు. క్రౌన్ 1/4 సైజు పుస్తకం, కత్తిరించాక సుమారు 184 × 241 మిల్లీమీటర్లు. కుట్టు వైపు 20, బయట 16, పైన 18, కింద 22 మిల్లీమీటర్లు వదిలితే పాఠానికి 148 × 201 మిల్లీమీటర్లు మిగులుతాయి. వెడల్పంతా పాఠానికే ఇస్తే ఇంగ్లీషు లైనులో 75కు పైగా అక్షరాలు పడతాయి. కన్ను లైను చివరి నుంచి తిరిగొచ్చి తర్వాతి లైను పట్టుకోవడం పిల్లలకు కష్టం. అందుకే పాఠాన్ని 118 మిల్లీమీటర్లకు కుదించి, బయటి అంచున 25 మిల్లీమీటర్ల సన్నటి పట్టీని పేరా సంఖ్యలకు, కొత్త మాటలకు వదలాలి. 118 మిల్లీమీటర్లలో ఇంగ్లీషు 60 అక్షరాల దరిదాపు, తెలుగు ఆరేడు మాటలు వస్తాయి. రెండు భాషలనూ ఒకే పేజీలో రెండు నిలువు వరసలుగా పెట్టకూడదనేదీ ఇందుకే. సగం వెడల్పులో తెలుగు లైనుకు మూడు మాటలే పడతాయి, ‘కిరణజన్యసంయోగక్రియ’ ఒక్కటే లైను తినేస్తుంది. ఆ పద్ధతి పదాల పట్టికలకు మాత్రం బాగుంటుంది.

ఎత్తు 201 మిల్లీమీటర్లంటే దాదాపు 570 పాయింట్లు. 18 చొప్పున 31 లైన్లు, అంటే 558 పాయింట్లు. ఇది తెలుగు పేజీ. ఇంగ్లీషుకు ఏ ఎడం ఇవ్వాలి? అలవాటుగా ఇచ్చేది 15. దాంతో పాఠంలో మొదటి పేజీ ఎలా నడుస్తుందో చూడండి. ఆకు ఎలా ఆహారం తయారుచేస్తుందో చెప్పే మొదటి పేరా ఇంగ్లీషులో 8 లైన్లు, తెలుగులో 9 లైన్లు వచ్చిందనుకుందాం. ఇంగ్లీషు ఎత్తు 120, తెలుగు 162. పత్రహరితం గురించిన రెండో పేరా రెండింటా 6 లైన్లు, అంటే 90, 108. ఆ తర్వాత ఆకు అడ్డుకోత బొమ్మ. దాని కింద పత్రరంధ్రాల పేరా రెండింటా 5 లైన్లు, 75, 90. రెండో పేరా, బొమ్మ, చివరి పేరా రెండు పేజీల్లోనూ ఒకే ఎత్తులో మొదలవ్వాలంటే ఇంగ్లీషు పేజీలో పేరాల కింద 42, 18, 15 పాయింట్ల ఖాళీలు వదలాలి. మొత్తం అయిదు ఇంగ్లీషు లైన్ల ఖాళీ. పైగా ఒక్కో చోట ఒక్కో కొలత. పేజీ చిల్లులు పడినట్టు కనిపిస్తుంది. దాన్ని చూసి ఓర్వలేక డీటీపీ ఆపరేటరు ఇంగ్లీషు పేరాలను పైకి జరిపేస్తారు. మూడో పేరాకే జత చెడిపోతుంది.

ఇంగ్లీషుకు కూడా 18 ఇస్తే? మొదటి పేరా 144, తెలుగు 162. తేడా ఒక్క లైను. రెండో పేరా 108, 108. చివరిది 90, 90. చిల్లులన్నీ పోయి ఒకే ఒక్క ఖాళీ లైను మిగిలింది. ఇంగ్లీషు కొంచెం వదులుగా కనిపిస్తుంది. నిజమే. కానీ ఇంగ్లీషును రెండో భాషగా కూడబలుక్కుంటూ, వేలు పెట్టి చదివే పిల్లలకు ఆ వదులు మేలే చేస్తుంది. తొమ్మిది, పది తరగతులకు వచ్చేసరికి పాఠాలు పొడవవుతాయి, పేజీల ఖర్చు బరువవుతుంది. అక్కడ 16కు దించుకోవచ్చు. ఏడు దాకా రెండింటికీ ఒకే ఎడం ఉండాలన్నదే మా గట్టి అభిప్రాయం.

దీంతో ఇంకో లాభం ఉంది. పల్చటి కాగితంలో వెనక పేజీ అచ్చు ముందుకు కనబడుతుంది. ద్విభాషా పుస్తకంలో ప్రతి ఆకుకూ ఒక పక్క తెలుగు, వెనక ఇంగ్లీషు. ఒక పక్క 18, ఇంకో పక్క 15 అయితే వెనక లైన్లు ముందు లైన్ల సందుల్లో దూరి, తెల్లగా ఉండాల్సిన చోట మసక పరుస్తాయి. ఆ సందుల్లోనే ఒత్తులు ఉంటాయి. రెండు పక్కలా ఒకే ఎడం, ఒకే మొదలు ఉంటే లైను వెనక లైను పడుతుంది, సందులు శుభ్రంగా మిగులుతాయి.

InDesignలో దీన్ని కట్టే పద్ధతి ఇది. Preferences లోని Grids దగ్గర, లైన్లు కూర్చునే గీతల చట్రమైన బేస్‌లైన్ గ్రిడ్ 9 పాయింట్లు పెట్టండి. పేరా ఎడం 18, పేరాల మధ్య ఖాళీ 9. పేరా స్టైలులో Align to Grid దగ్గర First Line Only ఎంచుకుంటే ప్రతి పేరా మొదటి లైను గ్రిడ్ మీద కూర్చుంటుంది, మిగతావి 18 చొప్పున దిగుతాయి. మన పేజీలో మొదటి పేరా 162, ఖాళీ 9, రెండో పేరా 108, ఖాళీ 9, బొమ్మ పేరుతో కలిపి 153, ఖాళీ 9, చివరి పేరా 90. మొత్తం 540. ఉన్న 558లో ఒక లైను మిగిలింది. బొమ్మ ఎత్తు 150 కాకుండా 153 తీసుకోవడం ఊరికే కాదు. అన్నీ తొమ్మిదితో భాగింపబడితేనే తర్వాతి పేరా గ్రిడ్ మీద నిలుస్తుంది.

ఎక్కువమంది జారిపడే చోటు ఒకటుంది. టెక్స్ట్ ఫ్రేములో మొదటి లైను ఎక్కడ మొదలవ్వాలన్న సెట్టింగు, First Baseline Offset, మామూలుగా Ascent మీద ఉంటుంది. అంటే ఫాంటు ఎత్తును బట్టి మొదటి లైను దిగుతుంది. తెలుగు ఫాంటు ఎత్తు వేరు, ఇంగ్లీషు ఫాంటు ఎత్తు వేరు. గ్రిడ్‌కు కట్టని ఫ్రేముల్లో, ముఖ్యంగా పెట్టెల్లో, బొమ్మల పేర్లలో, రెండు పేజీల మధ్య రెండు మూడు పాయింట్ల తేడా ఇక్కడే పుడుతుంది. దాన్ని Leading కు మారిస్తే రెండూ కలుస్తాయి.

పాఠాన్ని ఫ్రేము నుంచి ఫ్రేముకు పుస్తకమంతా గొలుసు కట్టకూడదు. చివరి ప్రూఫులో ఇంగ్లీషులో ఒక్క వాక్యం పెరిగితే ఆ తర్వాతి పేజీలన్నీ జరిగి, ప్రతి జతా తప్పుతుంది. ఒక్కో జత పేజీలను విడిగా ఉంచి, తెలుగు ఎక్కడ నిండితే రెండు పేజీలూ అదే పేరా దగ్గర ముగించాలి. పేరా మధ్యలో పేజీ విరవకూడదు. పాఠం ఎప్పుడూ ఎడమ పేజీలో, అంటే సరి సంఖ్య మీద మొదలై, బేసి సంఖ్య మీద ముగియాలి. అప్పుడే జతలు ఎదురెదురుగా పడతాయి. ముందుమాటకు ఒక పేజీ చేర్చారా, పుస్తకం మొత్తం తిరగబడుతుంది. తెలుగు ఇంగ్లీషుకు ఎదురుగా కాక, వెనక పడుతుంది. అందుకే ముందు పేజీలను విడిగా లెక్కకట్టి ఖాయం చేశాకే పాఠాలు కట్టడం మొదలుపెట్టాలి.

అనువాదకులకు కూడా ఈ కొలత ముందే చెప్పాలి. ఇంగ్లీషు పేరా ఎన్ని లైన్లో, తెలుగు దానికి మించి ఒక లైను కన్నా పెరగకూడదని. ఎక్కువ సార్లు పెంపుకు కారణం తెలుగు కాదు, ప్రతి పారిభాషిక పదం పక్కనా మళ్లీ ఇంగ్లీషు మాటను చేర్చడం. ఎదురు పేజీలోనే ఆ మాట ఉండగా ఇక్కడ ఎందుకు? రెండు పేజీల్లోనూ ఆ పదాన్ని బొద్దుగా పెడితే చాలు, కన్ను జత వెతుక్కుంటుంది.

పేరా లోపల

పేరా మొదట్లో లోపలికి జరపడం కన్నా, జరపకుండా పేరాల మధ్య అర లైను వదిలి, పట్టీలో సంఖ్య వేయడం ఇక్కడ నయం. ‘మూడో పేరా చూడండి’ అంటే రెండు భాషల పిల్లలూ ఒకే చోటికి వస్తారు.

రెండు అంచులూ సమం చేసే జస్టిఫై తెలుగుకు పెద్దగా అచ్చిరాదు. విభక్తులూ సంధులూ కలిసి మాటలు పొడవవుతాయి, లైనుకు ఆరేడు మాటలే. ఒక పొడవాటి మాట కింది లైనుకు దిగిపోతే పైన మిగిలినవి అయిదు మాటలు, వాటి మధ్య నాలుగు పెద్ద ఖాళీలు. అవి లైను తర్వాత లైను కలిసి పేజీలో తెల్లటి కాలవల్లా కనిపిస్తాయి. తెలుగును ఎడమకు కట్టి, కుడి అంచును వదిలేయడం మంచిది. ఎదురు పేజీ కూడా అలాగే ఉండాలి. ఒకటి సమంగా, ఒకటి వదులుగా ఉంటే పుస్తకం రెండు చోట్ల తయారైనట్టు ఉంటుంది. జస్టిఫై తప్పదంటే, Justification పెట్టెలో Letter Spacing మూడు గడులూ 0, Glyph Scaling మూడూ 100 ఉండేలా చూడాలి. అక్షరాల మధ్య ఖాళీ సాగదీస్తే ఒత్తులూ కొమ్ములూ తమ అక్షరం నుంచి విడిపోయి పక్కదాన్ని అంటుకున్నట్టు కనిపిస్తాయి. మాట విరవాల్సి వస్తే సమాసం అతుకు దగ్గర విరవాలి. ‘కిరణజన్య-సంయోగక్రియ’ సరే, ‘కిరణజ-న్య’ పనికిరాదు.

తెలుగు పేరాలో అంకెలు, CO₂, pH లాంటివి ఎలాగూ వస్తాయి. తెలుగు ఫాంట్లలో చాలావాటికి సొంత ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి, అవి మన ఇంగ్లీషు ఫాంటుతో కలవవు. 25°C ఎడమ పేజీలో ఒకలా, కుడి పేజీలో మరోలా కనిపిస్తుంది. ఒక్కోదాన్ని చేత్తో మార్చక్కర్లేదు. తెలుగు పేరా స్టైలులోని GREP Style లో ఈ నమూనా ఇచ్చి, మన ఇంగ్లీషు ఫాంటు, ఇందాక కొలిచి తేల్చిన సైజు ఉన్న క్యారెక్టర్ స్టైలును తగిలిస్తే అన్నీ వాటంతటవే మారతాయి:

```
[A-Za-z0-9°₀-₉]+
```

ఇంగ్లీషు ఫాంటులో చిన్న సబ్‌స్క్రిప్ట్ అంకెలు ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. లేకపోతే CO పక్కన ఖాళీ గడి అచ్చవుతుంది.

అచ్చుకు పంపే ముందు

పేరా ప్యానెల్ మెనూలో Adobe World-Ready Paragraph Composer ఎంచుకున్నారో లేదో చూడండి. మామూలు కంపోజరులో తెలుగు అక్షరాలు కలవక ‘క్ష’ కాస్తా ‘క్‌ష’ అయిపోవచ్చు, చుక్కల సున్నా కూడా కనబడవచ్చు. పాత అను ఫాంట్లలో టైపు చేసిన పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి తెచ్చినట్టయితే ర ఒత్తులున్న మాటలన్నీ, అరసున్నా, విసర్గలున్న మాటలన్నీ ఒక మనిషి కూర్చుని చదవాలి. మార్పిడిలో ఎక్కువగా చెడేవి అవే.

ఇంకోటి పొల్లు తర్వాత వచ్చే ప్రత్యయం. ‘న్యూటన్‌కు’, ‘బల్బ్‌లో’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కనబడని విడదీత గుర్తు, U+200C, ఉండాలి. అది లేకపోతే ‘న్యూటన్కు’, ‘బల్బ్లో’ అని ఒత్తులుగా కలిసిపోతాయి. అనువాదకుల ఫైలులో సరిగ్గా ఉన్నది, ఈమెయిల్లోంచి కాపీ చేసేటప్పుడు పోవడం మామూలే. కాబట్టి ఈ పరీక్ష డీటీపీ అయ్యాకే చేయాలి, ముందు కాదు.

పాఠం నల్లరంగు ఒక్క నలుపు ప్లేటు మీదే ఉండాలి. నాలుగు రంగులు కలిపిన నలుపైతే ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా ఒత్తుల అంచులకు రంగు నీడలు వస్తాయి. చిన్న తెలుగు అక్షరాలను రంగు పెట్టెల మీద తెల్లగా కోయడమూ ఇందుకే మానుకోవాలి. చుట్టూ ఉన్న సిరా లోపలికి పాకి సన్నటి గీతలను తినేస్తుంది. తప్పనిసరైతే బొద్దు మందంలో, 14 పాయింట్లకు తగ్గకుండా పెట్టాలి.

పీడీఎఫ్ తీశాక Document Properties లోని Fonts జాబితాలో ప్రతి ఫాంటు పక్కనా Embedded అని గానీ Embedded Subset అని గానీ ఉందో లేదో చూడండి. ఒక్కదానికి లేకపోయినా ప్రెస్సు కంప్యూటరు తన దగ్గరున్న వేరే తెలుగు ఫాంటును పెడుతుంది, లైన్లన్నీ జరుగుతాయి. ఆ తర్వాత మొదటి ఫారం, 16 పేజీలు, అసలు కాగితం మీద తీయించి, మడిచి, ఒక జత పేజీలను విప్పి స్కేలును అడ్డంగా పెట్టండి. ఎడమ పేజీలో రెండో పేరా మొదటి లైను కిందికి ఆనిన స్కేలు, కుడి పేజీలో కూడా రెండో పేరా మొదటి లైను కిందికే ఆనాలి. ఒక మిల్లీమీటరు లోపు తేడా మడతలో వచ్చేది, దాన్ని వదిలేయొచ్చు. అంతకు మించి ఉండి, అన్ని జతల్లోనూ ఒకేలా ఉంటే తప్పు మడతదో, ప్లేటు మీద పేజీలు పేర్చడంలో జరిగిందో. జతకో రకంగా ఉంటే తప్పు మన ఫైలులోనే ఉంది, ఏదో ఒక పేరాను గ్రిడ్ నుంచి ఎవరో విప్పేశారు.